కొండవీటి చాంతాడంత మెయిలు, కనబడని ప్రశ్న

మా రోజుల్లో పెద్దవాళ్ళను సలహా అడగాలంటే పోస్టుకార్డు రాసేవాళ్ళం. 1980ల్లో కార్డు 15 పైసలు. కొంచెం మర్యాద తెలిసినవాడైతే జవాబు కార్డు కొనేవాడు. అంటే రెండు కార్డులు అతికి ఉండేవి. ఒకదాని మీద మన ప్రశ్న, రెండోదాని మీద మన చిరునామా. అందుకున్న పెద్దమనిషి ఆ రెండో ముక్క చింపి, నాలుగు వాక్యాలు రాసి డబ్బాలో వేస్తే చాలు. ఆయన పోస్టాఫీసుకు వెళ్ళి కార్డు కొనక్కర్లేదు, మన చిరునామా వెతుక్కోనక్కర్లేదు. అడిగేవాడే జవాబుకు దారి వేసి పెట్టేవాడు.

కార్డుకు ఇంకో గుణం ఉంది. దాని మీద చోటు తక్కువ. వెనక వైపు మొత్తం, ముందు వైపు సగం, అంతే. 'ఉభయకుశలోపరి' అని ఒక మాట రాశాక మిగిలిన జాగాలో మన సంగతి, మన సందేహం పట్టాలి. పట్టాలంటే కలం పట్టుకోకముందే ఆలోచన తెగాలి. బాలానగర్, సనత్‌నగర్ వైపు మందుల కంపెనీల్లో కుర్ర కెమిస్టులుగా ఉన్న మేము రిటైరైన మా సీనియర్లకు అలాగే రాసేవాళ్ళం. "ప్రొడక్షన్‌లో షిఫ్టు ఇన్‌ఛార్జి ఇస్తామంటున్నారు. ల్యాబులో ఉంటే ఇంకో రెండేళ్ళకు గానీ ప్రమోషన్ లేదు. నాకు ల్యాబు పని ఇష్టం. ఆగమంటారా?" ఇంతే ఉత్తరం. జవాబు కూడా అంతే వచ్చేది. ఆగమనో, వెళ్ళమనో, ఎందుకో ఒక కారణంతో.

ఇప్పుడు మెయిలుకు ఖర్చు లేదు, చోటుకు హద్దు లేదు. దాంతో ప్రశ్న అడిగే విద్యే పోయింది.

బల్క్ డ్రగ్ కంపెనీల క్వాలిటీ విభాగాల్లో ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి కనుక ఆ రంగంలో ఉన్న పిల్లలు నాకు మెయిళ్ళు రాస్తుంటారు. రాయడం మంచిదే. కానీ ఎలా రాస్తున్నారు? "గౌరవనీయులైన సర్‌కి" అని మొదలవుతుంది. పదో తరగతి మార్కుల శాతంతో బయల్దేరి ఇంటరు, బీఎస్సీ, ఎమ్మెస్సీ, ప్రాజెక్టు పని, మొదటి ఉద్యోగం, అక్కడి మేనేజరు, రెండో ఉద్యోగం, కరోనా కాలం అన్నీ దాటుకుని చివరికి వచ్చి ఒక వాక్యం దగ్గర ఆగుతుంది: "నా కెరీర్ గురించి దయచేసి గైడ్ చేయండి." కింద రెండు పేజీల రెజ్యూమె తగిలించి ఉంటుంది. అంతా చదివాక నాకు అర్థం కానిది ఒక్కటే. ఈ పిల్లవాడికి నా నుంచి ఏం కావాలి? ఉద్యోగమా, చదువా, ధైర్యమా, తిట్లా?

ఇలాంటి మెయిలుకు జవాబు రాకపోతే "పెద్దవాళ్ళు పట్టించుకోరు" అనుకుంటారు. అది నిజం కాదు. సలహా చెప్పడంలో మూడు పనులున్నాయి. అడిగేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలుసుకోవడం ఒకటి. వాడి ముందున్న దారులేవో, వాటిలో ముడి ఎక్కడ పడిందో పట్టుకోవడం రెండు. ఆ ముడి దగ్గర అనుభవంతో ఒక మాట చెప్పడం మూడు. మొదటి రెండూ అడిగేవాడు చేయాల్సినవి. మూడోదే మాది. ఇప్పటి మెయిళ్ళు మూడూ మా నెత్తిన పెడతాయి. మూడో పనికి అయిదు నిమిషాలు చాలు. మొదటి రెండు పనులకు ఒక పూట పడుతుంది. పూట ఖాళీ దొరికినప్పుడు చూద్దామని పక్కన పెట్టిన మెయిలు మళ్ళీ పైకి రాదు. తీరిక లేక రాయని జవాబుల కంటే, ఏం రాయాలో తెలియక రాయని జవాబులే ఎక్కువ.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. పరవాడ ఫార్మాసిటీలో పనిచేసే ఒకమ్మాయి నుంచి అచ్చం పైన చెప్పినట్టే ఒక మెయిలు వచ్చింది. పొడుగాటిది. చివర "క్యూసీలో భవిష్యత్తు ఉందా సర్?" అని ఉంది. క్యూసీ అంటే ఈ రంగంలో లేనివారికి ఒక్క మాట: తయారైన మందును, దాని ముడిసరుకును పరీక్షించి, ప్రమాణాలకు సరిపోయిందో లేదో తేల్చే ల్యాబు. అందులో భవిష్యత్తు ఉందా అంటే ఏం చెప్పాలి? ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఎవరికి, దేనికి, ఎప్పటికి అన్నది తెలియాలి.

నేను ఒక్క వాక్యం తిరిగి రాశాను. "అమ్మా, నువ్వు తేల్చుకోవాల్సింది ఏమిటి, ఎప్పటిలోగా?" రెండు రోజులకు ఆ అమ్మాయి రెండో మెయిలు రాసింది. అది ఇంగ్లీషులోనే ఉంది కానీ, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. పైన సబ్జెక్టు లైనులోనే "క్యూసీ నుంచి ఏఆర్‌డీకి మారడం: ఒక ప్రశ్న, 20వ తేదీలోగా" అని ఉంది. లోపల ఇది:

"నమస్కారం సర్. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేశాను. మూడేళ్ళుగా పరవాడలో క్యూసీలో హెచ్‌పీఎల్‌సీ మీద పనిచేస్తున్నాను. ఉన్న మెథడ్ ప్రకారం శాంపిళ్ళు నడపడమే గానీ కొత్త మెథడ్ ఎప్పుడూ తయారు చేయలేదు.

హైదరాబాదులో ఒక కంపెనీ ఏఆర్‌డీలో అవకాశం వచ్చింది. జీతం ఇప్పటంతే. ఇక్కడే ఉంటే ఆరు నెలల్లో క్యూఏకి మారుస్తామంటున్నారు. నాకు మెథడ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవాలని ఉంది కాబట్టి ఏఆర్‌డీ వైపే మొగ్గుతున్నాను.

నా ప్రశ్న: పేరుకు ఏఆర్‌డీ అయినా, రోజంతా శాంపిళ్ళు నడపడమే పనిగా ఉండే చోట్లు కూడా ఉన్నాయని విన్నాను. చేరకముందే అది కనిపెట్టాలంటే ఇంటర్వ్యూలో వాళ్ళను ఏం అడగాలి?

20వ తేదీలోగా వాళ్ళకు జవాబు చెప్పాలి. రెండు ముక్కలు రాసినా చాలు సర్. వీలుకాకపోయినా ఫరవాలేదు."

కింద పేరు, ఫోను నంబరు. రెజ్యూమె లేదు. చదవడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. పదో తరగతి మార్కులు లేకపోయినా నాకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఎంత అనుభవమో ఉంది. ఏది చేతకాదో దాచకుండా ఉంది. ఎదురుగా రెండు దారులున్నాయి, జీతంలో తేడా లేదన్న సంగతి ఉంది, తను ఎటు మొగ్గుతోందో ఉంది. అన్నిటికీ మించి నేను మాత్రమే చెప్పగల ఒక సంగతి అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో దొరకదు. ల్యాబులు నడిపినవాళ్ళకే తెలుస్తుంది.

నేను వెంటనే రాశాను. "మొదటి ఏడాదిలో నేను మొదటినుంచీ తయారు చేయాల్సిన మెథడ్లు ఎన్ని అని అడుగు. ఫోర్స్‌డ్ డిగ్రడేషన్ ఎవరు చేస్తారు, నేనా వేరే టీమా అని అడుగు. రెండింటికీ సూటిగా జవాబు చెబితే చేరు. 'ముందు చేరండి, తర్వాత చూద్దాం' అంటే, అది ఇంకో పేరుతో క్యూసీయే. వెళ్ళేలోపు ఐసీహెచ్ క్యూ14 ఒకసారి చదువు."

ఈ అయిదు వాక్యాల్లో ఏముందో చెబుతాను. ఏఆర్‌డీ అంటే పరీక్షా పద్ధతిని పుట్టించే చోటు. మందును, దాని పక్కన పుట్టే ఇంప్యూరిటీలను విడదీయడానికి ఏ కాలమ్ వాడాలి, మొబైల్ ఫేజ్ పీహెచ్ ఎంత పెట్టాలి, ఎందుకు అంతే పెట్టాలి అన్నవి అక్కడ తేలతాయి. క్యూసీలో ఆ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించాలి, సొంతంగా మార్చడానికి వీల్లేదు. ఫోర్స్‌డ్ డిగ్రడేషన్ అంటే మందును కావాలని ఆమ్లంలో, క్షారంలో, పెరాక్సైడులో, వేడిలో, వెలుతురులో పెట్టి చెడగొట్టడం. చెడినప్పుడు పుట్టే ముక్కలన్నిటినీ మన మెథడ్ అసలు మందు నుంచి వేరుగా చూపించగలదో లేదో అప్పుడు తెలుస్తుంది. మెథడ్ పుట్టించేవాడి చేతికి ఆ పని తప్పకుండా వస్తుంది. రోజంతా సింథసిస్ వాళ్ళు పంపే శాంపిళ్ళు నడిపి రిజల్టు చెప్పేవాడి చేతికి రాదు. కాబట్టి ఆ ఒక్క ప్రశ్న వేస్తే కొలువు గుట్టు బయటపడుతుంది. ఇక ఐసీహెచ్ క్యూ14 అన్నది మెథడ్ తయారీ మీద వచ్చిన మార్గదర్శక పత్రం. వ్యాలిడేషన్ గురించి చెప్పే క్యూ2 సవరణతో పాటే 2023 నవంబరులో ఖరారైంది. క్యూసీ నుంచి వచ్చేవాళ్ళకు క్యూ2 కొంత పరిచయం ఉంటుంది, క్యూ14 ఉండదు.

చూశారా, అడిగింది ఒక్క ప్రశ్న. వచ్చింది అంతకంటే ఎక్కువ. ప్రశ్న సన్నగా ఉంటే జవాబు లోతుగా వెళ్తుంది. "భవిష్యత్తు ఉందా" అని అడిగి ఉంటే "కష్టపడితే ఎక్కడైనా ఉంటుందమ్మా" అని రాసేవాణ్ణి. అది జవాబు కాదు, ఆశీర్వచనం.

మరి ప్రశ్న సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నేను పిల్లలకు రెండు పరీక్షలు చెబుతుంటాను. మొదటిది: మీ ప్రశ్నను ఇంకెవరు అడిగినా ఇదే జవాబు వస్తుందా అని చూసుకోండి. "ఫార్మాలో ఏ కోర్సు చేస్తే మంచిది?" అన్నదానికి ఎవరు అడిగినా ఒకటే జవాబు. అలాంటిది మనిషిని అడగక్కర్లేదు, మనమే వెతుక్కోవచ్చు. మీ పరిస్థితిని బట్టి జవాబు మారేదే మనిషిని అడగాల్సిన ప్రశ్న. రెండోది: అవతలివాళ్ళు ఫోనులోనే, కుర్చీలోంచి లేవకుండా, అయిదు వాక్యాల్లో జవాబు చెప్పగలరా అని చూసుకోండి. చెప్పలేరనిపిస్తే ప్రశ్న ఇంకా పెద్దదన్నమాట. దాన్ని కోసి, ముందు తేలాల్సిన ముక్క ఒక్కటే పంపండి. మిగతావి మొదటి జవాబు వచ్చాక అడగవచ్చు. మెయిలుకు ఖర్చు లేదు కదా, ఆ వసతి అందుకు వాడుకోండి.

మీరు ఎటు మొగ్గుతున్నారో తప్పకుండా రాయండి. ఇది చాలామంది రాయరు. ముందే అభిప్రాయం చెబితే పెద్దవాళ్ళకు కోపం వస్తుందని భయం. నిజానికి దానివల్లే మాకు పని తేలికవుతుంది. "ఏఆర్‌డీ వైపు మొగ్గుతున్నాను, ఎందుకంటే ఇది" అని ఉంటే, ఆ కారణం సరైనదో కాదో చూసి అవుననో కాదనో చెప్పవచ్చు. ఏమీ లేకుండా "మీరే చెప్పండి" అంటే మీ జీవితం మొత్తం మా చేతిలో పెట్టినట్టు. అంత బరువు మోయడానికి ఎవరూ ముందుకు రారు.

ఎవరిని ఏది అడగాలో కూడా చూసుకోవాలి. ల్యాబు బెంచీ వదిలి చాలా ఏళ్ళయిన నాలాంటివాణ్ణి ఇవాళ్టి జీతాలెంత, ఏ కంపెనీ ఇంక్రిమెంట్లు బాగా ఇస్తోంది అని అడిగితే నా దగ్గర ఉన్నది పాత సమాచారం. అవి మీకంటే మూడు నాలుగేళ్ళు ముందున్నవాళ్ళను అడగండి. ఇన్‌స్పెక్షన్లు, ఆడిట్లు చూసినవాళ్ళను, మనుషుల్ని ఎంపిక చేసినవాళ్ళను మాత్రం ఏ పని పదేళ్ళకు కూడా విలువ నిలుపుకుంటుంది, ఏ పనికి పేరొకటి లోపల ఇంకొకటి అన్నది అడగండి. మా రోజుల్లో ఈ తేడా తెలిసేది. జీతం సంగతి క్యాంటీనులో తోటివాణ్ణి అడిగేవాళ్ళం. దారి సంగతి పెద్దాయనను అడిగేవాళ్ళం.

ఇప్పుడు కొత్తగా వచ్చిన ఇంకో ఆపద ఉంది. సలహా అడిగే తొందరలో కంపెనీ గుట్టు రాసేస్తున్నారు. ఫలానా బ్యాచ్‌లో రిజల్టు స్పెసిఫికేషన్ దాటింది, ఫలానా ఇంప్యూరిటీ ఇంత వచ్చింది, మా మేనేజరు ఇలా చేయమన్నాడు అని వివరాలతో మెయిలు వస్తుంది. అది కూడా కంపెనీ ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచే. క్వాలిటీలో పనిచేసేవాళ్ళకు ఇది ఉద్యోగం పోగొట్టే తప్పు. మీ సొంత మెయిల్ నుంచి రాయండి. ప్రోడక్టు పేరు, బ్యాచ్ నంబరు, క్రోమటోగ్రామ్ ఏదీ పంపకండి. "రిజల్టు ఫెయిలైనప్పుడు విచారణ పూర్తి కాకుండా మళ్ళీ నడపమంటున్నారు, ఇలాంటి చోట ఉండడం నాకు మంచిదేనా?" అని అడిగితే చాలు. విషయం అర్థమవుతుంది, గుట్టు బయటికి రాదు. మంచిది కాదని చెప్పడానికి నాకు బ్యాచ్ నంబరు అక్కర్లేదు.

వాట్సాప్ సంగతి కూడా చెప్పాలి. "హాయ్ సర్" అని ఒక మెసేజి. దానికి నేను "చెప్పండి" అనాలి. అప్పుడు "ఎలా ఉన్నారు సర్" అని ఇంకొకటి. అసలు ప్రశ్న మర్నాటికి వస్తుంది. కార్డు మీద 'నమస్కారం' అని మాత్రమే రాసి పోస్టు చేసి, జవాబు వచ్చాక రెండో కార్డు కొన్నవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడ రాసినా పలకరింపు, పరిస్థితి, ప్రశ్న, గడువు ఒకేసారి రాయండి.

జవాబు రాకపోతే? వారం, పది రోజులు ఆగండి. తర్వాత అదే మెయిలు కిందే ఒక్క వాక్యం రాయండి, పాత మెయిలు అందులోనే కనబడేలా. కొత్త మెయిలు మొదలుపెడితే పాతదాన్ని మేము మళ్ళీ వెతుక్కోవాలి. ఆ గుర్తుచేయడం ఒక్కసారే. దానికీ జవాబు లేకపోతే ఇంకొకరిని అడగండి, మనసులో ఏమీ పెట్టుకోకండి. ఒకే మెయిలును అయిదుగురికి కలిపి పంపడం మాత్రం వద్దు. అయిదుగురి పేర్లూ కనబడితే ప్రతివాళ్ళూ ఇంకొకరు చెబుతారులే అనుకుంటారు.

మా కాలమే గొప్పదని నేను అనడం లేదు. అప్పుడు మాకు తెలిసిన పెద్దలు నలుగురే. ఊరు, బంధుత్వం, కులం, కాలేజీ, ఏదో ఒక తీగ లేకపోతే పెద్దాయన చిరునామా దొరికేది కాదు. ఆడపిల్లలకైతే ఆ దారి ఇంకా ఇరుకు. ఇవాళ పరవాడలో ఉన్న అమ్మాయి ఎవరి సిఫార్సూ లేకుండా హైదరాబాదులో ఉన్న ముసలివాణ్ణి అడిగి, జవాబు తెచ్చుకుని, గడువులోగా తేల్చుకుంది. ఇది మాకు లేని భాగ్యం. అందుకే నా గొణుగుడంతా. ఇంత మంచి సాధనం చేతికి వచ్చాక, దాన్ని ప్రశ్న లేని ఉత్తరాలతో పాడు చేసుకోకూడదు.

మా రోజుల్లో ఇంకో ఆచారం ఉండేది. సలహా తీసుకున్నవాడు ఏం చేశాడో ఒక కార్డు ముక్క రాసేవాడు. "మీరు చెప్పినట్టు ల్యాబులోనే ఉండిపోయాను, ప్రమోషన్ వచ్చింది" అనో, "మీరు వద్దన్నా వెళ్ళాను, ఇలా అయింది" అనో. ఇప్పుడు నూటికి తొంభైమంది జవాబు అందగానే "థాంక్యూ సర్" అని మాయమవుతారు. చెప్పిన మాట పనికొచ్చిందో లేదో మాకు తెలియదు. పనికిరాలేదని తెలిసినా మంచిదే, తర్వాతివాళ్ళకు సరిగ్గా చెబుతాం. ఆ అమ్మాయి మాత్రం నెల తర్వాత రెండు వాక్యాలు రాసింది. ఇంటర్వ్యూలో ఆ రెండు ప్రశ్నలూ వేసిందట, సూటిగా జవాబొచ్చిందట, చేరిందట. ఆ అమ్మాయి మళ్ళీ ఏది అడిగినా నేను అదే రోజు జవాబు రాస్తాను.

కాబట్టి పిల్లలూ, రాయండి. మొహమాటపడకండి. కానీ పంపే ముందు మీ మెయిలులో ప్రశ్నార్థకం గుర్తు ఎక్కడుందో వెతుక్కోండి. ఒక్కటే ఉండాలి, దాని ముందు మీ పరిస్థితి నాలుగు వాక్యాల్లో ఉండాలి, దాని తర్వాత గడువు ఉండాలి. ఆ మూడూ ఉంటే పంపండి. లేకపోతే ముందు మీరు తేల్చుకోవాల్సింది ఏమిటో కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత మాకు రాయండి.